పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు శాంపిల్ రేటు, బిట్ డెప్త్ ఎంత పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లలో మిగిలిపోయిన మామూలు ఆడియో క్యాసెట్ల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. రికార్డులు, స్పూల్ టేపులు, పాత వీడియో టేపుల సంగతి అవసరమైన చోట వస్తుంది. ఉదాహరణకు ఒకే క్యాసెట్ తీసుకుంటాను: శ్రీరామనవమి పందిట్లో, చేతిలో పట్టుకెళ్లే మోనో టేప్ రికార్డర్‌తో, దానికున్న మైకుతోనే ఎవరో రికార్డు చేసిన గంట హరికథ. సి-60 క్యాసెట్, ఒక్కో వైపు అరగంట. ఇలాంటివి చాలా ఇళ్లలో ఉంటాయి, వీటికి రెండో కాపీ మాత్రం ఉండదు.

లోతుల్లోకి వెళ్లకుండా ముందు చెప్పండి, ఏం సెట్ చేయాలి?

24 బిట్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియో, వేవ్ ఫైల్. రికార్డింగ్‌లో అతి పెద్ద శబ్దం కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా లెవెల్ పెట్టండి. మీ క్యాసెట్ బాగా రావాలంతే అనుకునేవాళ్లు ఇక్కడితో ఆగి "రేటు, బిట్లు అన్నీ సరిగ్గానే పెట్టాను" అని మొదలయ్యే ప్రశ్నకి నేరుగా వెళ్లిపోవచ్చు, ఎందుకంటే నాణ్యత ఎక్కువగా పోయేది అక్కడే.

శాంపిల్ రేటు పెంచితే ఏం పెరుగుతుంది?

శాంపిల్ రేటు అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తామో ఆ లెక్క. అది పెంచితే ఎంత హెచ్చు ఫ్రీక్వెన్సీ వరకు ఫైల్‌లోకి వస్తుందో ఆ హద్దు పెరుగుతుంది, అంతే. ఏ రేటు పెట్టినా అందులో సగం కంటే కాస్త తక్కువ ఫ్రీక్వెన్సీ వరకే పట్టుకోగలం. సీడీకి వాడే 44.1 కిలోహెర్ట్జ్ అయితే దాదాపు 22 కిలోహెర్ట్జ్ వరకు, 48 అయితే 24 వరకు, 96 అయితే 48 వరకు. మనిషి చెవి కుర్రతనంలో వినగలిగేదే 20 దాకా, వయసు పెరిగే కొద్దీ అది కిందికి దిగుతుంది.

చాలామంది అనుకునేదేమిటంటే, రేటు పెంచితే శబ్దం మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా వస్తుందని. అది నిజం కాదు. హద్దు లోపలున్న శబ్దం 48లోనూ పూర్తిగా తిరిగి వస్తుంది, 96లోనూ అదే వస్తుంది. తేడా హద్దుకి పైన ఉన్నదానిలోనే.

అలాగని బాగా తగ్గించకూడదు. 8 కిలోహెర్ట్జ్ రేటు, అంటే పాత ఫోన్ కాల్ స్థాయి పెడితే 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. స, శ, ష, ఫ లాంటి ఊదే హల్లుల బలం చాలావరకు దానికి పైనే ఉంటుంది కాబట్టి "సరే" అన్నారో "శరే" అన్నారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సి వస్తుంది. హరికథలో చిడతలు, గజ్జెల మోత అయితే డొల్ల చప్పుడుగా మారిపోతుంది. మాటలే కదా అని 8కో 11కో తగ్గించి ఆర్కైవ్ చేసిన ఫైళ్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మాటకీ పై ఫ్రీక్వెన్సీలు కావాలి.

మరి క్యాసెట్‌లో ఎంత వరకు ఉంటుంది?

క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. మంచి డెక్ మీద, మంచి టేపు మీద 15 కిలోహెర్ట్జ్ దాకా రావచ్చు. మన పందిరి రికార్డింగ్ లాంటి వాటిలో అసలు శబ్దం 8, 10 కిలోహెర్ట్జ్ దగ్గరే అయిపోతుంది. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో ట్రాక్ మెనూ తెరిచి Spectrogram ఎంచుకుని చూడండి, గాత్రం, చిడతలు ఎక్కడి దాకా వెళ్తున్నాయో కళ్లకి కనిపిస్తుంది. కానీ ఒక్క విషయం గమనించాలి: టేపు హిస్, అంటే టేపు సొంత సరసర చప్పుడు మాత్రం ఇంకా పైకి సన్నగా పరుచుకుని ఉంటుంది. దాన్ని చూసి "అబ్బ, 20 దాకా సరుకుంది" అనుకోకండి. హరిదాసు గొంతు ఆగినప్పుడు కూడా అది అలాగే ఉంటే అది హిస్సే.

అంటే 48 కిలోహెర్ట్జ్ రేటు ఈ క్యాసెట్‌కి కావలసినదానికంటే రెట్టింపు పైనే. దీన్ని 96లోనో 192లోనో ఎక్కిస్తే ఫైల్ పెరుగుతుంది, శబ్దం పెరగదు. సోలెడు పాలు బిందెలో పోసినా సోలెడే.

బిట్ డెప్త్ సంగతేంటి?

అతి పెద్ద శబ్దానికీ, ఫైల్ సొంత రొదకీ మధ్య ఎంత దూరం ఉంటుందో బిట్లు చెబుతాయి. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్. 16 బిట్లకి 96, 24 బిట్లకి లెక్క ప్రకారం 144. ఈ 144 కాగితం మీది మాట, ఎంత మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ అయినా దాని లోపలి ఎలక్ట్రానిక్స్ రొద వల్ల 110, 120 దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు క్యాసెట్ వైపు చూద్దాం. హిస్‌ని తగ్గించే డాల్బీ పద్ధతి లేని మామూలు టేపులో గట్టి శబ్దానికీ హిస్‌కీ మధ్య దూరం 50 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఆరుతో భాగిస్తే ఎనిమిది, తొమ్మిది బిట్లు! మొదటిసారి ఈ లెక్క చూసినవాళ్లు నమ్మరు, కానీ టేపులో ఉన్న సరుకు అంతే.

తొమ్మిది బిట్ల సరుకుకి 24 బిట్లు ఎందుకు మరి?

లెవెల్ తప్పితే కాపాడటానికి. తర్వాత చేసే మార్పులకి జాగా ఉండటానికి. మన హరికథనే లెక్క వేసి చూద్దాం.

సరిగ్గా ఎక్కించామనుకోండి: హరిదాసు గట్టిగా అందుకున్న చోట మైనస్ 12, టేపు హిస్ అంతకు 50 కింద, అంటే మైనస్ 62 దగ్గర. 16 బిట్ ఫైల్ సొంత రొద మైనస్ 96 దగ్గర ఉంటుంది, హిస్‌కి ఇంకా 34 డెసిబెల్స్ కింద. ఎవరికీ వినపడదు. అంటే లెవెల్ సరిగ్గా ఉంటే 16 బిట్లు కూడా చాలు.

ఇప్పుడు లెవెల్ నాబ్ తగ్గిపోయి ఉంది, చూసుకోలేదు, గట్టి శబ్దమే మైనస్ 45 దగ్గర వచ్చింది అనుకోండి. టేపు హిస్ మైనస్ 95కి పడిపోయింది, అక్కడే 16 బిట్ల నేల ఉంది. సన్నగా పాడిన చోట్లు, పద్యం చివర సాగదీసిన స్వరం అంతా ఆ నేలకి దగ్గరగా కూర్చుంటాయి. తర్వాత వాల్యూమ్ 40 డెసిబెల్స్ పెంచితే ఫైల్ సొంత రొద కూడా వాటితో పాటే లేస్తుంది, టేపు హిస్‌కి సమానంగా ఇంకో హిస్ చేరుతుంది. అదే తప్పు 24 బిట్లలో జరిగితే ఫైల్ వల్ల ఏమీ పోదు, ఆ 40 పెంచినా ఫైల్ రొద టేపు హిస్ కిందే ఉండిపోతుంది. ఇంటర్‌ఫేస్ సొంత రొద ఎలాగూ ఉంటుంది, అది వేరే సంగతి.

టేపు ఇంకోసారి ఆడుతుందన్న నమ్మకం లేనప్పుడు ఈ రక్షణ చిన్నది కాదు. కొన్ని టేపులు ఒక్కసారి సరిగ్గా తిరిగి, రెండోసారి మడతపడతాయి.

మైనస్ 12 దాకానే ఎందుకు, సున్నా దాకా తెస్తే ఇంకా మంచిది కదా?

టేపుకి టేపు రికార్డు చేసే రోజుల్లో అది మంచి సలహానే, సూది ఎరుపులోకి కాస్త వెళ్లినా టేపు ఓర్చుకునేది. డిజిటల్‌లో సున్నా దాటిన శబ్దం అక్కడే తెగిపోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఉన్నది ఉన్నట్టు వెనక్కి తేలేదు. పందిట్లో ఎవరో మైకు తట్టిన చోట, జనం ఒక్కసారిగా "గోవిందా" అన్న చోట శబ్దం మామూలు కంటే ఎంతో ఎగురుతుంది. ముందుగా క్యాసెట్‌లో గట్టిగా ఉన్న భాగం ఆడించి లెవెల్ పెట్టుకోండి, మధ్యలో నాబ్ ముట్టుకోకండి. 24 బిట్లలో పైన 12 డెసిబెల్స్ ఖాళీ వదిలితే పోయేది రెండు బిట్లు, మిగిలినవే మన క్యాసెట్‌కి చాలా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్ అని ఉంది. నిజంగానే 24 వస్తోందా?

ఈ ప్రశ్న అందరూ అడగాలి. సాఫ్ట్‌వేర్‌లో కనిపించేది ఫైల్ కొలత మాత్రమే, లోపల సరుకు 16 బిట్లదే ఉండి మిగతా ఎనిమిది సున్నాలు కావచ్చు. చవకగా దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు, వేలెడంత యూఎస్‌బీ సౌండ్ కార్డులు చాలావరకు 16 బిట్లే ఇస్తాయి. విండోస్ కూడా మధ్యలో వేలు పెడుతుంది: Sound సెట్టింగ్స్‌లో ఆ పరికరం Properties తెరిచి Advanced ట్యాబ్ చూడండి, అక్కడ 16 bit, 44100 Hz అని ఉంటే మీరు ఆడాసిటీలో 96 పెట్టినా విండోస్ 44.1లో తీసుకున్నదాన్ని సాగదీసి ఇస్తుంది. రెండు చోట్లా ఒకే రేటు పెట్టి, ఆడాసిటీలో హోస్ట్‌గా Windows WASAPI ఎంచుకోండి.

సరిచూడటానికి ఒక నిమిషం రికార్డు చేసి, ఏ ఎఫెక్టూ వేయకుండా 24 బిట్ వేవ్‌గా ఎగుమతి చేయండి. దానికి ముందు ఆడాసిటీ క్వాలిటీ సెట్టింగ్స్‌లో డిథర్‌ని None చేయాలి, లేకపోతే ఎగుమతిలో కలిసే రొద కింది బిట్లను నింపేసి పరీక్ష చెడిపోతుంది. తర్వాత సాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో:

```
sox test.wav -n stats
```

వచ్చే పట్టికలో `Bit-depth` అనే వరుసలో గీత తర్వాతి అంకె చూడండి. అది 16 అయితే ఫైల్ 24, సరుకు 16. 24 అయితే కింది బిట్లలోనూ ఏదో ఉంది, అది ఇంటర్‌ఫేస్ రొద అయినా కావచ్చు, కనీసం ఖాళీ సున్నాలు మాత్రం కావు.

ఇంతకంటే ఉపయోగపడే పరీక్ష ఇంకోటి ఉంది. డెక్ ఆపి ఉంచి, వైర్లు కలిపే ఉంచి, పది సెకన్లు రికార్డు చేయండి. తర్వాత క్యాసెట్ ఆడిస్తూ ఎవరూ మాట్లాడని చోటు పది సెకన్లు. రెంటికీ ఇదే కమాండ్ ఇచ్చి `RMS lev dB` పోల్చండి. మొదటిది మైనస్ 80, రెండోది మైనస్ 60 అనుకుందాం, అప్పుడు మీ పరికరం టేపు కంటే 20 డెసిబెల్స్ నిశ్శబ్దంగా ఉంది, బిట్ల గురించి టెన్షన్ వదిలేయండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే రొద మీ వైర్లదో, ల్యాప్‌టాప్ మైకు జాక్‌దో, లెవెల్ మరీ తగ్గిందో. మైకు జాక్ చాలాసార్లు మోనో కూడా, క్యాసెట్ డెక్ లైన్ అవుట్‌కి అది సరిపడదు. లైన్ ఇన్ ఉన్న ఇంటర్‌ఫేస్ వాడాలి.

96 కిలోహెర్ట్జ్ అసలు ఎప్పుడూ అక్కర్లేదా?

అక్కరపడే సందర్భాలు ఉన్నాయి. ఎల్‌పీ, 78 ఆర్‌పీఎం రికార్డుల మీది టిక్కు టిక్కు శబ్దాలు చాలా చురుగ్గా, పాట హద్దు దాటి పైకి వెళ్తాయి. వాటిని తీసేసే సాఫ్ట్‌వేర్‌కి పై భాగం కూడా కనిపిస్తే ఏది టిక్కో ఏది తాళమో తేలిగ్గా తెలుస్తుంది.

రెండోది వేగం మార్చి ఆడించేటప్పుడు. క్యాసెట్‌నో స్పూల్‌నో రెట్టింపు వేగంతో ఆడించి ఎక్కించి తర్వాత సగానికి తగ్గిస్తే, టేపులో 13 కిలోహెర్ట్జ్ దగ్గరున్నది ఎక్కించేటప్పుడు 26 దగ్గర ఉంటుంది, 48 రేటు దాన్ని పట్టుకోలేదు. అప్పుడు 96 తప్పనిసరి. టైమ్ కలిసొస్తుందని ఇలా చేస్తారు కానీ ఒకే కాపీ ఉన్న టేపుకి నేను ఇది చెప్పను.

ఇక సంస్థలకి ఇవ్వాలంటే వాళ్ల నియమం వేరు. శబ్ద ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం అయాసా, తన టీసీ-04 మార్గదర్శకాల్లో కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు అంటుంది, 96 అయితే మేలంటుంది. టేపులోని అనుకోని రొదలు కూడా చరిత్రలో భాగమనీ, రేపటి పనిముట్లకి పనికొస్తాయనీ వాళ్ల ఆలోచన. ఇంటి క్యాసెట్‌కి ఆ కనీసమే నా మాట.

రేటు, బిట్లు అన్నీ సరిగ్గానే పెట్టాను, అయినా గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తోంది. ఎందుకు?

హెడ్ కోణం. టేపు రికార్డయిన మెషీన్ హెడ్‌కీ మీరు ఆడిస్తున్న హెడ్‌కీ కోణంలో వెంట్రుకంత తేడా ఉన్నా పై ఫ్రీక్వెన్సీలు మాయమవుతాయి. దీన్నే అజిముత్ అంటారు. 10 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న సరుకులో 5 పైన ఉన్నదంతా ఇక్కడే పోతే ఆ తర్వాత 192 పెట్టి ఏం లాభం?

ముందు హెడ్‌నీ, రబ్బరు రోలర్‌నీ శుభ్రం చేయండి, హెడ్‌కి దూదిపుల్ల, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. తర్వాత క్యాసెట్ ఆడిస్తూ, కంప్యూటర్‌లో రెండు చానళ్లనూ మోనోగా కలిపి హెడ్‌ఫోన్‌లో వింటూ, హెడ్ పక్కనున్న చిన్న స్ప్రింగ్ స్క్రూని అతి కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. చాలా డెక్‌లలో క్యాసెట్ తలుపు మూత తీస్తే స్క్రూడ్రైవర్ అందుతుంది. చిడతలు, "స" శబ్దాలు ఒక్కచోట గభాలున తెరుచుకున్నట్టు వస్తాయి, అదే సరైన కోణం. మోనోలో వినమనడానికి కారణం ఉంది: కోణం తప్పితే రెండు చానళ్లూ కొన్ని మైక్రోసెకన్ల తేడాతో వస్తాయి, కలిపినప్పుడు పై శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాబట్టి తప్పు స్టీరియోలో కంటే మోనోలో బాగా తెలుస్తుంది. కంపెనీ క్యాసెట్లకి కలిసిన కోణం ఇంట్లో రికార్డు చేసినవాటికి కలవకపోవచ్చు, క్యాసెట్ మార్చినప్పుడల్లా వినాల్సిందే. ఏ వైపు ఎంత తిప్పారో గుర్తు పెట్టుకోండి.

మోనో క్యాసెట్‌ని స్టీరియోలో ఎందుకు ఎక్కించాలి?

మోనో రికార్డర్ గీసిన ట్రాక్ వెడల్పులో స్టీరియో హెడ్ రెండు సగాల్నీ విడివిడిగా చదువుతుంది. అంచు నలిగిన టేపుల్లో ఒక సగం దెబ్బతిని రెండోది శుభ్రంగా ఉంటుంది. రెండూ మీ దగ్గర ఉంటే బాగున్నది ఉంచుకోవచ్చు, రెండూ బాగుంటే, కోణం కూడా సరిగ్గా ఉంటే, కలిపినప్పుడు గొంతు పెరిగినంతగా హిస్ పెరగదు. ఎక్కించేటప్పుడే మోనో చేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

48లో ఎక్కించి సీడీ కోసం 44.1కి మారిస్తే పాడవుతుందా? కచ్చితంగా భాగించబడే రేటే వాడాలంటారు కదా?

88.2 నుంచి 44.1కి అయితే సరిగ్గా సగం కాబట్టి మంచిదనే మాట పాత కాలపు నాసిరకం కన్వర్టర్ల నుంచి వచ్చింది. ఇప్పటి మంచి రీశాంప్లర్‌కి ఏ నిష్పత్తి అయినా ఒకటే. ఒక్కసారే మార్చండి, మాస్టర్ నుంచే మార్చండి, అంతే.

```
sox -G master.wav -b 16 cd.wav rate -v 44100 dither
```

ఇక్కడ `-G` మార్పిడిలో శబ్దం సున్నా దాటి తెగకుండా చూసుకుంటుంది. `dither` అంటే 24 నుంచి 16 బిట్లకి తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నటి రొద. బిట్లు కత్తిరించినప్పుడు పుట్టే కీచు లాంటి వక్రీకరణను అది మామూలు మెత్తటి హిస్‌గా మార్చేస్తుంది. శుభ్రం చేయని టేపుకి ఇది ఉన్నా లేకున్నా తేడా తెలియదు, టేపు హిస్సే ఆ పని చేస్తోంది. కానీ నాయిస్ రిడక్షన్ వేసి, చివర్లో మెల్లగా ఫేడ్ చేశారంటే ఆ హిస్ అండ ఉండదు, అప్పుడు డిథర్ లేకపోతే ఫేడ్ చివర గరగరమంటుంది. హెడ్‌ఫోన్‌లో వాల్యూమ్ పెంచి ఆ చివరి సెకన్లు విని చూడండి.

ఎడిటింగ్ మధ్యలో మాత్రం 16కి దించకండి. ఆడాసిటీ మామూలుగా 32 బిట్ ఫ్లోట్‌లో పని చేస్తుంది, అలాగే వదిలేసి అన్ని మార్పులూ అయ్యాక చివర్లో ఒక్కసారి దించండి.

చాలా ఏళ్ల కిందట షాపులో ఎంపీత్రీ చేయించాం, టేపు ఇప్పుడు లేదు. 24 బిట్, 96కి మారిస్తే బాగుపడుతుందా?

పడదు. ఆ ఎంపీత్రీలో లేనిది ఏ మార్పిడితోనూ రాదు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ స్పెక్ట్రోగ్రామ్‌లో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది, దాన్ని 96కి మార్చినా గోడ అక్కడే ఉంటుంది, పైన నల్లటి ఖాళీ పెరుగుతుందంతే. ఎవరైనా "హై రిజల్యూషన్" అని ఫైల్ ఇస్తే మీరు చేయాల్సిన పరీక్ష కూడా ఇదే.

ఆ ఎంపీత్రీని అలాగే, పేరు కూడా మార్చకుండా దాచండి. శుభ్రం చేయాలంటే వేవ్‌గా విప్పి, ఎడిట్ చేసి, ఆ ఫలితాన్ని ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైల్‌గా ఉంచండి, మళ్లీ ఎంపీత్రీ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది.

ఫైళ్లు ఎంత పెద్దవవుతాయి?

గంట స్టీరియోకి: 16 బిట్, 44.1 అయితే 635 ఎంబీ, 24 బిట్, 48 అయితే ఒక జీబీ కొంచెం పైన, 24 బిట్, 96 అయితే రెండు జీబీలు పైన. ఫ్లాక్ చేస్తే ఒక్క శాంపిల్ కూడా పోకుండా ఇవి బాగా తగ్గుతాయి, హిస్ ఎక్కువున్న టేపులు మాత్రం తక్కువగా తగ్గుతాయి, ఎందుకంటే రొదని కుదించడం కష్టం. బంధువులకి పంపడానికి 192 కేబీపీఎస్ ఎంపీత్రీ వేరుగా చేసుకోండి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పెట్టండి. మాస్టర్ మాత్రం రెండు వేర్వేరు డిస్కుల్లో.

పెళ్లి వీడియో మినీ డీవీ టేపుల ఆడియోకి ఏ రేటు?

టేపులో ఉన్న రేటే. అవి పుట్టుకతోనే డిజిటల్ కాబట్టి మనం ఎంచుకునేది ఏమీ లేదు. మినీ డీవీలో రెండు రకాలున్నాయి: 48 కిలోహెర్ట్జ్ 16 బిట్, లేదా 32 కిలోహెర్ట్జ్ 12 బిట్. కామ్‌కార్డర్ మెనూలో 12 బిట్ పెట్టి తీసిన టేపులు చాలానే ఉంటాయి, వాటిలో 16 కిలోహెర్ట్జ్ పైన శబ్దం ఉండదు, అది మీ తప్పు కాదు. ఫైర్‌వైర్ కేబుల్‌తో టేపులోని డేటాని నేరుగా కాపీ చేయండి. హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీసి 24 బిట్లలో మళ్లీ రికార్డు చేస్తే పెద్ద అంకె వస్తుంది, శబ్దం మాత్రం కామ్‌కార్డర్ చిన్న ఆంప్లిఫైయర్ రొదతో కలిసి వస్తుంది.